పూర్తయిన పాటల ప్రాజెక్టును ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ తెరవగలగాలంటే ఏం దాచాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడిలో చిన్న స్టూడియో. ఈ చుట్టుపక్కల ఊళ్లలో మన తెలుగు ఆడవాళ్లు పాడే పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు పదకొండు రికార్డు చేశాం. మిక్సింగ్, మాస్టరింగ్ కూడా అయిపోయాయి. పాడినవాళ్లలో కొందరు డెబ్బై దాటినవాళ్లు, మళ్లీ పాడించడం అయ్యే పని కాదు.

సాఫ్ట్‌వేర్ రీపర్. ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం 214 జీబీ. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ కొని ఫోల్డరు ఉన్నదున్నట్టు అందులోకి కాపీ చేసి బీరువాలో పెట్టేద్దామని, ఇంకో కాపీ శ్రీకాకుళంలో మా తమ్ముడింట్లో ఉంచుదామని అనుకుంటున్నాను. రేపు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా వచ్చి "డోలక్ తగ్గించి గొంతు కాస్త పైకి తెండి" అంటే చెయ్యగలగాలి. ఇది సరిపోతుందా? ఏ కంపెనీ డిస్కు కొనమంటారు?

చిప్పురాజు (ఛత్రపురం)

ఎస్‌ఎస్‌డీ కొనండి, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. లోపల తిరిగే భాగం లేదు, కింద పడినా ఏం కాదు. హార్డ్ డిస్కులు నా చేతిలోనే బోలెడు పోయాయి. ఇంకోమాట, 214 జీబీ ఎందుకండీ? ఫైనల్ మాస్టర్ వేవ్ ఫైళ్లు పదకొండు ఉంచుకుని మిగతాది తీసేయండి. ఎవరూ మళ్లీ మిక్స్ అడగరు, నా మాట వినండి.

బరంపురం కెమెరా

నాకూ ఇదే సమస్య అన్నా. మొన్న పెళ్లి షూటింగ్ కార్డు మా కుర్రాడు చూసుకోకుండా ఫార్మాట్ కొట్టేశాడు. రికవరీకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? అర్జంట్. పెళ్లివాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

వంశధార (గుణుపురం)

@బరంపురం కెమెరా, తమ్ముడూ, ఇక్కడ నడుస్తున్న విషయం వేరు. ఆ కార్డులో ఇంకేమీ షూట్ చెయ్యకుండా తీసి పక్కన పెట్టు. వేరే టాపిక్ తెరువు, అక్కడ చెబుతారు.

టేపుమావయ్య (గుణుపురం, ప్రస్తుతం హైదరాబాద్)

మహేంద్రతనయ గారూ, ఏ కంపెనీ డిస్కు అన్నది ఆఖర్న చూసుకోవచ్చు. ముందు ఒక పని చెయ్యండి. రీపర్ మాత్రమే ఉండి, మీరు వాడిన ప్లగిన్లు ఏవీ లేని ల్యాప్‌టాప్ ఒకటి ఎవరి దగ్గరైనా తీసుకోండి. ఒక్క పాట ఫోల్డరు అందులోకి కాపీ చేసి తెరవండి. ఏం కనబడిందో, ఏం వినబడిందో ఇక్కడ రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత జరిగేది ఇవాళే చూసినట్టవుతుంది.

చిప్పురాజు గారూ, కింద పడితే బతికేది ఎస్‌ఎస్‌డీయే, కాదనను. కానీ అది డేటాను దాచుకునేది ఎలక్ట్రిక్ చార్జి రూపంలో. కరెంటు తగలకుండా బీరువాలో పడి ఉంటే ఆ చార్జి మెల్లగా కారిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా పోతుంది. జెడెక్ వాళ్ల ప్రమాణం మామూలు ఎస్‌ఎస్‌డీ నుంచి అడిగేది ఇంతే: రాత ఆయుష్షు పూర్తిగా అయిపోయాక కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలవాలి. కొత్త డిస్కు అంతకంటే చాలా ఎక్కువే నిలుస్తుంది. ఎంత అన్నది మాత్రం ఎవరూ కాగితం మీద రాసివ్వరు. మే నెలలో పర్లాకిమిడి బీరువా లోపల 30 డిగ్రీలు ఎక్కడిది చెప్పండి? రోజూ వాడుకునే డిస్కుగా ఎస్‌ఎస్‌డీ బంగారం. పెట్టి మర్చిపోయే డిస్కుగా దాన్ని నేను నమ్మను. పెన్‌డ్రైవుల సంగతి అసలు ఎత్తొద్దు.

మహేంద్రతనయ

మావయ్య గారూ, మీరు చెప్పినట్టే నాలుగో పాట, రోకటి పాట, మా చెల్లి ల్యాప్‌టాప్‌లో తెరిచాను. తెరవగానే రెండు ఫైళ్లు కనబడటం లేదని అడిగింది. వెతికితే అవి ప్రాజెక్టు ఫోల్డరులో లేవు. స్టూడియో కంప్యూటర్ డీ డ్రైవులో, రికార్డర్ కార్డు నుంచి దించిన ఫోల్డరులోనే ఉండిపోయాయి. రెవర్బ్ ప్లగిన్ ఎలాగూ లేదు, గొంతు ఎండిపోయినట్టు వినిపించింది. గాత్రం మీద వాడిన కంప్రెసర్ కూడా కొన్నదే, అదీ లేదు. పాట తెరుచుకుంది గానీ అది మా పాటలా లేదు.

టేపుమావయ్య

అదే చూడమన్నాను. ఇప్పుడు నాలుగో పాటనే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. తర్వాత మిగతా పదీ అదే దారి.

మొదట రీపర్‌లో `Save project as` తెరిచి, మీడియా మొత్తం ప్రాజెక్టు ఫోల్డరులోకి కాపీ చేసే టిక్కు పెట్టి, కొత్త ఖాళీ ఫోల్డరులోకి సేవ్ చెయ్యండి. డీ డ్రైవులో ఉండిపోయిన రెండు ఫైళ్లూ అప్పుడు వచ్చి చేరతాయి. రీపర్ వాళ్ల `.rpp` ఫైలు మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ట్రాకుల పేర్లు, ఫైళ్ల దారులు చదువుకోవచ్చు. అది మన అదృష్టం. కానీ ప్లగిన్ల సెట్టింగులు అందులో గజిబిజి అక్షరాల ముద్దగా ఉంటాయి. ఆ ప్లగిన్ ఉంటే తప్ప ఆ ముద్దను ఎవరూ విప్పలేరు. కొన్న ప్లగిన్ ఇన్‌స్టాలర్ దాచుకున్నా, దాన్ని యాక్టివేట్ చేసే సర్వర్ ఇరవై ఏళ్ల తర్వాత ఉంటుందని చెప్పలేం.

అందుకని సెషన్ ఫైలును నమ్ముకోకుండా ఆడియోను రెండు రూపాల్లో బయటికి తియ్యాలి. ఒకటి పొడి ట్రాకులు. ఏ ఎఫెక్టూ లేకుండా, ఎడిటింగ్ మాత్రం అయిపోయి, ప్రతి ట్రాకూ పాట మొదటి సెకను నుంచి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి. గాయని రెండో నిమిషంలో మొదలుపెట్టినా ఆమె ఫైలు సున్నా నుంచే మొదలవ్వాలి, ముందంతా నిశ్శబ్దమైనా సరే. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అన్నీ ఎడమ అంచుకు లాగితే పాట దానంతట అదే కుదురుకుంటుంది. రెండోది తడి స్టెమ్స్, అంటే ఈక్యూ, కంప్రెసర్, వాల్యూమ్ కదలికలు అన్నీ కలిసిపోయి బయటికి వచ్చినవి. `Render`లో `Stems (selected tracks)` పెట్టి తియ్యండి. డోలక్ తగ్గించమంటే రేపు ఈ తడివే సరిపోతాయి. గొంతు మీద రెవర్బే నచ్చలేదు, కొత్తగా వెయ్యమంటే పొడివి కావాలి.

ఒక్కటి మర్చిపోకండి. మీ రెవర్బ్ సెండ్ మీద ఉందనుకుంటాను. దాని రిటర్న్ ట్రాకు కూడా విడిగా ఒక స్టెమ్‌గా రావాలి. అది వదిలేస్తే మిగతావన్నీ పక్కాగా ఉన్నా పాట ఎండిపోయే ఉంటుంది.

సైజు గురించి భయపడక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. మీ పాటలో ఎన్ని ట్రాకులున్నాయి?

మహేంద్రతనయ

ముఖ్య గాత్రం ఒకటి, వంత గాత్రాలు మూడు, రోకలి ఒకటి, డోలక్‌కి రెండు మైకులు, హార్మోనియం ఒకటి, గది మైకులు రెండు. మొత్తం పది మోనో. పాట అయిదు నిమిషాలు.

టేపుమావయ్య

పది ట్రాకులు, ఒక్కోటి 43 ఎంబీ, పొడివి 430 ఎంబీ చిల్లర. తడివి స్టీరియోలో ఏడు వస్తాయనుకుందాం, రెవర్బ్‌తో కలిపి. అవి 600 ఎంబీ. మిక్సు, మాస్టరు కలిపితే పాట మొత్తం 1.2 జీబీ. పదకొండు పాటలకీ 13, 14 జీబీ. మీ 214 జీబీలో మిగతాదంతా పక్కన పెట్టిన టేకులు, గదిలో రికార్డర్ ఆపకుండా వదిలేసిన గంటలు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

సున్నాడీబీ (జయపురం)

ఒక చిన్న చేర్పు. సెషన్ 48 అయితే అన్ని ఫైళ్లూ 48 అని గ్యారంటీ లేదు. రికార్డర్ కార్డు నుంచి వచ్చిన ఆ రెండు ఫైళ్లు 44.1 అయి ఉండొచ్చు, చూడండి. రీపర్ నోరెత్తకుండా వాటిని మార్చి వాయిస్తుంది కాబట్టి మనకు తెలియదు. మార్చకుండా తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే నాలుగు నిమిషాల ఫైలు 3 నిమిషాల 40 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది. ముసలమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపిస్తే కారణం ఇదే.

మహేంద్రతనయ

నిజమే సార్, ఆ రెండూ 44.1. రోకలి, ఒక వంత గాత్రం.

టేపుమావయ్య

పొడి ట్రాకులు రెండర్ చేసేటప్పుడు అన్నీ 48కి మార్చుకోండి. అసలు 44.1 ఫైళ్లు మాత్రం ముట్టుకోకుండా పక్క ఫోల్డరులో ఉంచండి.

ఇప్పుడు ముఖ్యమైన పరీక్ష. చెల్లిగారి ల్యాప్‌టాప్‌లో ఖాళీ ప్రాజెక్టు తెరిచి తడి స్టెమ్స్ అన్నీ సున్నా దగ్గర పెట్టండి. ఏ ఫేడరూ కదపొద్దు. వాటి కింద మీ ఫైనల్ మిక్సు పెట్టి, దాని ఫేజ్ తిప్పండి. స్టెమ్స్ మొత్తం ఆ మిక్సుతో సమానమైతే ఒకదాన్నొకటి కొట్టుకుపోయి నిశ్శబ్దం మిగలాలి. ఏం మిగిలిందో చెప్పండి.

మహేంద్రతనయ

నిశ్శబ్దం రాలేదు మావయ్య గారూ. పాట మొత్తం సన్నగా వినిపిస్తోంది, గొంతు గట్టిగా ఎత్తుకున్న చోట ఇంకా పెరుగుతోంది. అన్నిటికంటే రోకలి దెబ్బ మాత్రం పూర్తి బలంతో దడ్ దడ్‌మని వస్తోంది.

టేపుమావయ్య

రెండు వేర్వేరు సంగతులు అవి. పాట సన్నగా మిగలడానికి కారణం, మీరు పోల్చిన మిక్సులో మాస్టర్ ట్రాకు మీద లిమిటర్ ఉండుంటుంది. లిమిటర్ పాట మొత్తాన్ని విని నొక్కుతుంది. విడివిడి స్టెమ్స్‌కి ఆ నొక్కుడు ఉండదు, అందుకే గట్టి చోట్ల తేడా పెరుగుతుంది. మాస్టర్ మీద ఉన్నవన్నీ ఆపేసి ఇంకో మిక్సు తియ్యండి. అది కూడా దాచాల్సిన ఫైలే. రేపు ఎవరైనా కొత్తగా మాస్టరింగ్ చేయాలంటే అడిగేది దాన్నే.

రోకలి సంగతి వేరు. అది రెండుసార్లు వచ్చింది. డోలక్, రోకలి కలిపి ఒక ఫోల్డరు ట్రాకు కింద పెట్టారా? మీరు ఫోల్డరునూ ఎంచుకున్నారు, లోపలి రోకలినీ ఎంచుకున్నారు. ఫోల్డరు స్టెమ్‌లో ఒక రోకలి, విడి స్టెమ్‌లో ఇంకో రోకలి. మిక్సు ఒకదాన్ని చంపితే రెండోది మిగిలింది.

మహేంద్రతనయ

అచ్చం అదే! "తాళం" అని ఫోల్డరు ఉంది. దాన్ని వదిలేసి లోపలివి మాత్రమే తీశాను, లిమిటర్ లేని మిక్సుతో పోల్చాను. ఇప్పుడు దాదాపు నిశ్శబ్దం. హెడ్‌ఫోన్ వాల్యూమ్ బాగా పెంచితే పంక్తి చివర్లలో మాత్రం సన్నటి గాలి చప్పుడులా ఏదో ఉంది.

టేపుమావయ్య

అది రెవర్బ్ తోక. కొన్ని రెవర్బులు లోపల కొంచెం ఊగుతుంటాయి, ప్రతి రెండర్‌కీ ఊపు మారుతుంది. రెండుసార్లు తీస్తే రెండుసార్లూ ఒకేలా రాదు. అదొక్కటే మిగిలితే పరీక్ష నెగ్గినట్టే. ఫోల్డరు మీద ఏదైనా కంప్రెసర్ పెట్టి ఉంటే మాత్రం లోపలివి విడిగా తీయడం చెల్లదు. అక్కడ ఫోల్డరునే స్టెమ్‌గా తీయాలి, లోపలివి పొడిగానే ఉంచాలి. మిగతా పాటల్లో చూసుకోండి.

చిప్పురాజు

ఇంత అవసరమా అండీ? యూట్యూబ్‌లో ప్రైవేటుగా పెట్టేస్తే జన్మజన్మలకీ ఉంటుంది.

సున్నాడీబీ

యూట్యూబ్ మీ వేవ్ ఫైలును తిరిగి ఇవ్వదు రాజు గారూ, నొక్కేసిన ఆడియోనే ఇస్తుంది. పైగా అది రెండు చానెళ్ల పాట. రోకలి విడిగా ఎక్కడ దొరుకుతుంది?

రాయగడ డీటీపీ

ఆడియో గురించి నాకు పెద్దగా తెలియదు గానీ కాగితాల సంగతి చెబుతాను. పాటల సాహిత్యం, ఏ ప్లగిన్‌లో ఏ నంబరు అన్నవి ఏదో ఒక చోట టైపు చేస్తారు కదా. మా ప్రెస్సులో పాత రోజుల్లో పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లతో కొట్టిన పుస్తకాలు ఇప్పుడు ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు. ఆ ఫాంటు ఉన్న పాత కంప్యూటరు పోయింది. ఒక భజన కీర్తనల పుస్తకం మళ్లీ వెయ్యమంటే అచ్చు కాపీ చూసి మొత్తం తిరిగి టైపు చేయాల్సి వచ్చింది. మీరు రాసేది ఏదైనా యూనికోడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైల్లో రాయండి బాబూ. దాంతోపాటు ఒక పీడీఎఫ్ ఫాంటు పొదిగి పెట్టుకోండి. ఒక ప్రింటు కూడా తీసి డిస్కు డబ్బాలో పెడితే ఇంకా మంచిది.

టేపుమావయ్య

చాలా మంచి మాట. సెట్టింగులు ప్రతి పాటకీ ఒక టెక్స్ట్ ఫైలుగా రాయండి. ప్లగిన్ పేరు రాస్తే చాలదు, అది ఏం చేస్తోందో మామూలు కొలతల్లో రాయాలి. వేరే ప్లగిన్‌తోనైనా దగ్గరగా తిరిగి కట్టుకునేలా ఉండాలి. నమూనా ఇలా:

```
పాట 04 | 48000 Hz, 24-bit
గాత్రం EQ: HPF 90 Hz 12 dB/oct; 3 kHz +2 dB Q 1.0
కంప్రెసర్: 3:1, attack 15 ms, release 120 ms, GR 4 dB వరకు
రెవర్బ్: plate, pre-delay 28 ms, decay 1.6 s, return -11 dB
మాస్టర్: -16 LUFS, true peak -1 dBTP
```

"త్రెషోల్డ్ −22" అని రాయడం కంటే "నాలుగు డీబీ దాకా నొక్కింది" అని రాయడం పనికొస్తుంది, ఎందుకంటే త్రెషోల్డ్ ఒక్కో ప్లగిన్‌లో ఒక్కోలా పనిచేస్తుంది. మైకు గొంతుకి ఎంత దూరంలో పెట్టారు, రోకలి మట్టినేల మీద దంపారా, రోటిలోనా అన్నది కూడా రాయండి. ప్లగిన్ విండో స్క్రీన్‌షాట్ తీసి పీఎన్‌జీగా పక్కన పెట్టండి. రీపర్ వెర్షన్ నంబరు, దాని ఇన్‌స్టాలర్ కూడా.

ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, అంకెల్లో పొట్టిగా ఉంచండి: `04_rokali_dry.wav` లాగ. తెలుగు పేరు మీద నాకు కోపం లేదు. లినక్స్ డిస్కుల్లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. అక్షరం, గుడి, వత్తు అన్నీ లెక్కకొస్తాయి కాబట్టి 85 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. పాట మొదటి పాదం మొత్తం ఫైలు పేరుగా పెట్టేవాళ్లను చూశాను, కాపీ మధ్యలో ఆగిపోతుంది.

వంశధార

తమ్ముడింట్లో రెండో కాపీ అన్నారు కదా, అక్కడే ఆగుతున్నాను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తీరం దాటింది పలాస దగ్గర. శ్రీకాకుళం జిల్లా, మన గజపతి జిల్లా రెండూ ఒకే దెబ్బకి పోయాయి. 2013 ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటింది. పర్లాకిమిడిలో ఒక కాపీ, శ్రీకాకుళంలో ఒక కాపీ అంటే ఒకే తుపానుకి రెండూ దొరికినట్టే. రెండోది కొండ మీదికి, జయపురం వైపు పంపండి. లేదా హైదరాబాద్.

పాటలమ్మ (జయపురం)

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. ఒక కాపీ నా దగ్గర ఉంచుతాను, సంతోషంగా. కానీ ఆ పక్కన పెట్టిన టేకుల గురించి నాదొక మాట. టేపుమావయ్య గారు తర్వాత చూద్దామన్నారు. పాటకి పాటకి మధ్య ఆ ఆడవాళ్లు "ఈ చరణం మా అత్త ఇలా పాడేది, మీ ఊళ్లో వేరే" అని వాదించుకుని ఉంటారు కదా. నాలాంటివాళ్లకి మాస్టర్ కంటే అదే విలువైనది. దయచేసి తీసేయకండి.

మహేంద్రతనయ

ఉందమ్మా, అలాంటిది చాలా ఉంది. ఒక పాటలో ఇద్దరు వదినలు పల్లవి దగ్గరే దెబ్బలాడుకున్నారు. కానీ అందులో ఇంటి గొడవలు, కోడళ్ల మీద మాటలు కూడా ఉన్నాయి. వాళ్లు పాటకి ఒప్పుకున్నారు గానీ దీనికి ఒప్పుకున్నారా?

పాటలమ్మ

అది అడగాల్సిందే. అడిగి, ఎవరు దేనికి ఒప్పుకున్నారో కాగితం మీద రాయించి, ఆ కాగితం స్కాను కూడా ఇందులోనే ఉండాలి. నా అభిప్రాయం అయితే దాచి ఉంచి, బయటికి ఇవ్వకుండా ఉండటం.

టేపుమావయ్య

నాకు ఇందులో ఖచ్చితమైన అభిప్రాయం లేదు. నేను మాస్టర్ల మనిషిని. దాచేటట్టయితే ఆ 200 జీబీ ఫ్లాక్‌లోకి మార్చండి, ఒక్క బిట్టు కూడా పోకుండా బాగా తగ్గుతుంది. పైగా అసలు ఆడియో తాలూకు ఎండీ5 ఫ్లాక్ తనలోనే రాసుకుంటుంది, తర్వాత `flac -t` కొడితే ఫైలు చెడిందో లేదో చెప్పేస్తుంది. మీ రికార్డర్ 32 బిట్ ఫ్లోట్‌లో రాసి ఉంటే మాత్రం ఫ్లాక్ తీసుకోదు. అప్పుడు వేవ్‌ప్యాక్ వాడండి.

సున్నాడీబీ

ఇక్కడ నేను ఒప్పుకోను. రికార్డింగ్ ఎక్కడా పగలకపోతే ఫ్లోట్ ఫైళ్లను 24 బిట్‌కి దించి ఫ్లాక్ చేసేయడమే మేలు. ఆ గది మైకుల చప్పుడే 24 బిట్ నేల కంటే చాలా పైన ఉంటుంది, పోయేదేమీ లేదు. వేవ్‌ప్యాక్ తెరిచే సాఫ్ట్‌వేర్లు ఫ్లాక్ అంత విరివిగా లేవు.

టేపుమావయ్య

అసలును మార్చకూడదన్నది నా పాత అలవాటు. మీ వాదనలోనూ బలం ఉంది. ఎవరిది వారిదే.

మహేంద్రతనయ

డిస్కు సంగతికి రండి మావయ్య గారూ. ఎం-డిస్క్ అని విన్నాను, వెయ్యేళ్లు ఉంటుందట?

టేపుమావయ్య

పళ్లెం ఉంటుందేమో, దాన్ని తిప్పే డ్రైవు ఉండాలి కదా. రికార్డబుల్ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవు ఎప్పుడో పోయింది. ఎల్‌టీవో టేపు పెద్ద సంస్థలకి బాగుంటుంది గానీ డ్రైవే లక్షల్లో. పైగా ఎల్‌టీవో-8 డ్రైవు ఎల్‌టీవో-7 టేపు చదువుతుంది, ఎల్‌టీవో-6 చదవదు. 14 జీబీకి అంత తతంగం వద్దు.

రెండు వేర్వేరు కంపెనీల బయటి హార్డ్ డిస్కులు కొనండి. ఒకే దుకాణంలో ఒకే రకం రెండు కొంటే, ఒకే లాటులో ఒకే లోపం ఉన్నవి రెండూ ఒకే ఏడు పోవచ్చు. ఒకటి మీ దగ్గర, ఒకటి జయపురంలో. కప్పుకి కాస్త కిందగా, నేలకి దూరంగా, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో. మూడోది ఏదైనా క్లౌడ్. సెకనుకి 10 మెగాబిట్ల అప్‌లోడ్ ఉంటే 13 జీబీ మూడు గంటల్లో ఎక్కుతుంది. ఖాతా ఒక్కరి సొంత జీమెయిల్ మీద పెట్టకండి. రెండేళ్లు ఎవరూ తెరవకపోతే ఆ ఖాతాను తీసేసే హక్కు గూగుల్ తన నిబంధనల్లోనే రాసుకుంది.

కాపీ చేయడానికి ముందే, అసలు ఫోల్డరు పక్కన, ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ రాసుకోండి:

```
find data -type f -exec sha256sum {} + > manifest-sha256.txt
```

ఆ లిస్టు మూడు కాపీల్లోనూ ఉండాలి. ఏడాదికోసారి డిస్కు పెట్టి ఇది కొట్టండి:

```
sha256sum -c manifest-sha256.txt
```

ఏదైనా ఫైలు పక్కన `FAILED` వస్తే అది చెడింది. ఇంకో కాపీలో అదే ఫైలుకి `OK` వస్తుందేమో చూసి, అక్కడి నుంచి తెచ్చుకోండి. ఫైల్ సైజు చూసి సరిపెట్టుకోకండి. ఒక్క బిట్టు తిరిగినా సైజు మారదు, వేవ్ తెరుచుకుంటుంది, రోకలి దెబ్బల మధ్య ఎక్కడో ఒక టిక్కుమన్న శబ్దం మాత్రం వస్తుంది. విండోస్‌లో ఈ కమాండ్లు లేకపోతే గిట్ బాష్ వేసుకోండి, ఒక్క ఫైలుకైతే `certutil -hashfile 04_rokali_dry.wav SHA256` సరిపోతుంది. అయిదారేళ్లకి డిస్కు బాగున్నా కొత్తదానికి మార్చేయండి.

చిప్పురాజు

సరే, బీరువాలో ఎస్‌ఎస్‌డీ వద్దన్నారు. ఏడాదికోసారి ఎలాగూ పెట్టి చూస్తున్నారు కదా, అప్పుడు చార్జి మళ్లీ నిండదా?

టేపుమావయ్య

కరెంటు పెడితే చాలు నిండుతుందన్న నమ్మకం లేదు. పాతబడిన చోట్లను తిరగరాసే పని డిస్కు లోపలి ప్రోగ్రాం చెయ్యాలి, అది ఏ కంపెనీలో ఎలా చేస్తుందో బయటికి చెప్పరు. చెక్‌సమ్ కోసం మొత్తం చదివిస్తే కొంత మేలే.

బరంపురం కెమెరా

అన్నా, వేరే టాపిక్‌లో చెప్పినట్టు చేస్తే సగం ఫోటోలు వచ్చాయి, వీడియో రాలేదు. ఈ sha256 కొడితే వీడియో వస్తుందా?

వంశధార

రాదు తమ్ముడూ. అది చెడిందో లేదో చెబుతుంది, బాగుచెయ్యదు.

మహేంద్రతనయ

మూడు పాటలు పూర్తయ్యాయి. రెండు నెగ్గాయి. ఏడో పాట "తాళం" ఫోల్డరు మీద కంప్రెసర్ ఉంది, మావయ్య గారు చెప్పినట్టే ఫోల్డరును స్టెమ్‌గా తీశాను. ఒక సందేహం. పొడి గాత్రం నుంచి రేపు ఎవరైనా మా రెవర్బే మళ్లీ కావాలంటే? సెట్టింగులు రాశాను గానీ ఇంకో ప్లగిన్‌లో 1.6 సెకన్లు అంటే అదే శబ్దం రావడం లేదు.

సున్నాడీబీ

దాని ముద్ర తీసి పెట్టుకోండి. ఒకే ఒక్క శాంపిల్ పొడవున్న టిక్కు ఫైలును ఆ రెవర్బ్‌లోంచి, పొడి శబ్దం పూర్తిగా ఆపి, నాలుగు సెకన్లు రెండర్ చెయ్యండి. వచ్చిన స్టీరియో వేవ్ ఇంపల్స్ ఫైలు అవుతుంది. రీపర్ వాళ్ల రీవెర్బ్‌లోనో, ఏ కన్వల్యూషన్ రెవర్బ్‌లోనో దాన్ని వేస్తే దాదాపు అదే గది వస్తుంది. వేవ్ ఫైలే కాబట్టి లైసెన్సు గొడవ లేదు. ఊగే రెవర్బ్ అని మావయ్య గారు కనిపెట్టారు కదా, ఆ ఊపు మాత్రం ఇందులో రాదు, తోక కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది. ప్లగిన్‌లో మాడ్యులేషన్ సున్నా చేసి ఒకటి, ఉన్నదున్నట్టు ఒకటి, రెండూ తీసి `04_reverb_ir_mod0.wav`, `04_reverb_ir.wav` అని పెట్టండి.

పాటలమ్మ

ఆ వదినల ఊరు చెబితే నేనే వెళ్లి అడుగుతాను. ఫోనులో అడిగితే ఒప్పుకోరు.